రెస్టారెంట్‌కి వేధింపుల నివారణ పాలసీ రాస్తున్నాం: ఫిర్యాదు ఎవరికి చెప్పాలి, చెప్పిన అమ్మాయికి తర్వాత రక్షణ ఏంటి?

మీల్స్_మారతహళ్లి (సోమవారం, రాత్రి 11:50)

అందరికీ నమస్తే. మారతహళ్లిలో మాకో ఆంధ్రా మీల్స్ హోటల్ ఉంది, రాత్రిపూట బిర్యానీ కూడా. నేనూ మా అన్నయ్యా కలిసి చూసుకుంటాం. మొత్తం స్టాఫ్ 23 మంది. ఆడవాళ్లు ఏడుగురు: బిల్లింగ్‌లో ఇద్దరు, సర్వీసులో ముగ్గురు, కూరగాయలు తరిగే దగ్గర ఒకరు, పాత్రలు కడిగే దగ్గర ఒకరు.

ఒక ఐటీ కంపెనీకి మధ్యాహ్నం భోజనాలు పంపే ఆర్డరు దొరికేలా ఉంది. వాళ్లు లైసెన్సులతో పాటు వేధింపుల నివారణ పాలసీ కూడా అడిగారు. నెట్‌లో దొరికిన ఒక నమూనా తీసుకుని పేర్లు మార్చడం మొదలుపెట్టాను. అందులో "మీ రిపోర్టింగ్ మేనేజరుకు గానీ హెచ్‌ఆర్‌కు గానీ ఈమెయిల్ పంపవలెను" అని ఉంది. మా దగ్గర హెచ్‌ఆర్ అంటే మా అన్నయ్యే. పాత్రలు కడిగే ఆమెది ఒడిశా, ఆమె దగ్గర ఉన్నది బటన్ల ఫోను.

ఇప్పటిదాకా నేను రాసుకున్నది ఇది. ఎవరికైనా ఇబ్బంది జరిగితే ముందు వాళ్ల సెక్షన్ హెడ్‌కి చెప్పాలి, అంటే కిచెన్‌లో మాస్టర్‌కి, హాల్లో క్యాప్టెన్‌కి. వాళ్లు నాకు చెప్తారు. నేను కమిటీకి పంపిస్తాను. విచారణ అయ్యేదాకా ఆ అమ్మాయిని మా రెండో బ్రాంచికి, అంటే బెళ్లందూరు టేక్ అవే కౌంటరుకి మారుస్తాం. అక్కడ క్షేమంగా ఉంటుంది కదా అని.

ఇది సరిపోతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఆడిటర్_బాబాయ్ (మంగళవారం, ఉదయం 7:15)

అమ్మా, నువ్వు అనవసరంగా కంగారు పడుతున్నావు. పదిమంది ఆడవాళ్లు ఉంటేనే కమిటీ. మీకున్నది ఏడుగురే. రెండు పేజీల పాలసీ ఒకటి ప్రింటు తీసి సంతకం, స్టాంపు వేసి ఆ కంపెనీకి ఇచ్చేయండి, సరిపోతుంది. నా క్లయింట్లు చాలామంది అలాగే చేస్తున్నారు. ఇంకొకటి, ఫిర్యాదు రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుంది అని స్పష్టంగా రాయించండి. లేకపోతే రోజుకొకరు వచ్చి ఏదో ఒకటి చెప్తూనే ఉంటారు.

బయటి_మెంబరు (మంగళవారం, ఉదయం 9:40)

బాబాయ్ గారూ, పది అన్న అంకె సరే, లెక్క మాత్రం వేరు. పనిచోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం లెక్కించేది మొత్తం ఉద్యోగుల్ని, ఆడవాళ్లని మాత్రమే కాదు. పదిమందో అంతకన్నా ఎక్కువో పనిచేస్తుంటే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. ఒక్క ఆడమనిషే ఉన్నా సరే. కమిటీ వేయకపోతే జరిమానా 50,000 రూపాయల దాకా. మళ్లీ అదే తప్పు దొరికితే జరిమానా రెట్టింపు అవుతుంది, లైసెన్సు రద్దు దాకా కూడా వెళ్లొచ్చు. పైగా కమిటీ వేస్తూ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి, దాన్ని అందరికీ కనిపించేలా గోడమీద పెట్టాలి. బీరువాలో ఫైలు చేస్తే కుదరదు.

"రాతపూర్వకంగా ఉంటేనే" అన్నదీ సగమే నిజం. ఫిర్యాదు రాతలో ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ ఆమె రాయలేకపోతే, రాసుకోవడానికి కావాల్సిన సాయం కమిటీయే చేయాలని అదే సెక్షన్లో ఉంది. ఒడియాలో చెప్తే ఒడియా వచ్చినవాళ్లని కూర్చోబెట్టి రాయించి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించాలి. రాయడం రాలేదన్న కారణంతో వెనక్కి పంపడానికి వీల్లేదు.

మీల్స్ గారూ, ఇక మీ డ్రాఫ్టు. నేను బెంగళూరులో కొన్ని హోటళ్లకు కమిటీలో బయటి సభ్యురాలిగా ఉన్నాను. మీరు రాసినదాంట్లో రెండు చోట్ల నాకు భయం వేసింది. మొదటిది, కిచెన్‌లో ఎవరికైనా ఇబ్బంది అయితే మాస్టర్‌కి చెప్పాలి అన్నది. మీ కిచెన్‌లో ఆ ఇబ్బంది పెట్టే అవకాశం అందరికన్నా ఎక్కువ ఎవరికి ఉంది?

రెండోది, ఆమెని బెళ్లందూరుకి మార్చడం. అది చట్టం ప్రకారం మీ ఇష్టం కాదు. విచారణ జరుగుతున్నప్పుడు ఆమె రాసి అడిగితే, కమిటీ సిఫారసు చేస్తే, అప్పుడు ఆమెనైనా మార్చొచ్చు, ఎదుటివాణ్ణైనా మార్చొచ్చు. మూడు నెలల దాకా సెలవూ ఇవ్వొచ్చు, ఆమెకు మామూలుగా వచ్చే సెలవుల్లోంచి కోయకుండా. అడగకుండా మీరే మార్చేస్తే హాల్లో మిగతావాళ్లకి అర్థమయ్యేది ఒక్కటే: నోరు విప్పితే టేక్ అవేకి తోలేస్తారు.

కాఫీ_విత్_కష్టాలు (మంగళవారం, ఉదయం 10:05)

చాలా మంచి టాపిక్ అండి. ఇందిరానగర్‌లో ఒక రెస్టారెంట్‌లో సర్వీస్ ఛార్జ్ తీసేయమంటే వెయిటర్ మమ్మల్ని ఎంత వేధించాడో! ఇలాంటి వాటికి కూడా పాలసీ ఉండాలి. ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలి?

మీల్స్_మారతహళ్లి (మంగళవారం, ఉదయం 10:20)

అండీ, ఇది స్టాఫ్‌ని వేధించేవాళ్ల గురించి :) మీ సంగతికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

బయటి మెంబరు గారూ, మాస్టర్ గురించి మీరు అన్నది చదివి కాసేపు ఏమీ తోచలేదు. మా మాస్టర్ మంచివాడే, ఆ సంగతి పక్కన పెడితే... ఇంకెవరికి చెప్పమని రాయాలి? మా దగ్గర ఉన్నదే అంత.

మాజీ_సప్లయర్ (మంగళవారం, మధ్యాహ్నం 3:30)

అక్కా, నేను మదనపల్లె నుంచి వచ్చి బెంగళూరులో ఒక పెద్ద రెస్టారెంట్లో సర్వీసులో చేసినా. పేరు చెప్పను. ఇప్పుడు వేరే పనిలో ఉన్నాలే.

అక్కడ పాలసీ ఉండింది. కమిటీ కూడా ఉండింది. క్యాప్టెన్ మీద నేను కంప్లయింట్ ఇస్తే తీసుకున్నారు, మర్యాదగానే మాట్లాడినారు. అయితే ఆ తర్వాత వారం నుంచి నాకు ఫ్యామిలీ సెక్షన్ టేబుల్స్ పోయినాయి. బాత్రూముల పక్కన ఉండే నాలుగు టేబుల్స్ ఇచ్చినారు. శని, ఆదివారాలు రాత్రి డ్యూటీ తీసేసి సోమ, మంగళ పొద్దుటి డ్యూటీ వేసినారు. జీతం ఒక్క రూపాయి తగ్గలే, కాబట్టి కాగితం మీద నాకేం అన్యాయం జరగలే. కానీ టిప్పులు సగానికి సగం పడిపోయినాయి. మా ఇంటికి పంపేది ఆ టిప్పుల్లోంచే. అడిగితే "రోస్టర్ అందరికీ మారుతుంది కదమ్మా" అనినారు.

ఇంకోటి, కిచెన్‌లో నా ఆర్డర్లు ఆలస్యంగా వచ్చేవి. పక్కనోళ్ల కేవోటీ, అంటే కిచెన్‌కి పోయే ఆర్డరు చీటీ, నాకంటే తర్వాత పోయినా వాళ్ల ప్లేట్లే ముందు వచ్చేవి. కస్టమర్లు నా మీద అరిచేవాళ్లు. దీన్ని ఎట్లా రుజువు చేస్తావు? నేనే మానేసినా.

మీ పాలసీలో ఇది రాయి అక్కా. మిగతాది ఎట్లున్నా పర్లేదు.

బయటి_మెంబరు (మంగళవారం, సాయంత్రం 6:10)

మాజీ సప్లయర్, మీరు చెప్పిందే ఈ చర్చంతటికీ అసలు విషయం. చట్టంలో కక్ష సాధింపు అని విడిగా పేరు పెట్టిన సెక్షన్ లేదు. ఉద్యోగానికి నష్టం చేస్తానని బెదిరించడం, పనికి అడ్డుపడటం, భయపెట్టే వాతావరణం కల్పించడం లాంటివి మూడో సెక్షన్లో ఉన్నాయి గానీ, టేబుల్స్ మార్చడం దాని కిందికి వస్తుందని వాదించాల్సింది ఆమే. అందుకే ఆ ఖాళీని పాలసీ నింపాలి, అదీ హోటల్ భాషలో. "ఎటువంటి ప్రతికూల చర్య తీసుకొనబడదు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

నేనైతే ఇలా రాయిస్తాను. ఫిర్యాదు వచ్చిన రోజే, దానికి ముందు నాలుగు వారాల రోస్టరు, టేబుళ్ల కేటాయింపు, టిప్పుల పుస్తకం, ఓవర్‌టైమ్ లెక్క ఫోటోలు తీసి కమిటీ దగ్గర పెట్టాలి. అప్పటినుంచి ఆరు నెలలపాటు ఆమె విషయంలోనూ, సాక్షులు ఎవరైనా ఉంటే వాళ్ల విషయంలోనూ షిఫ్టు గానీ సెక్షన్ గానీ వారపు సెలవు గానీ మార్చాలంటే, ముందు కారణం రాసి కమిటీ అధ్యక్షురాలి సంతకం తీసుకోవాలి. నెలకొకసారి పాత నాలుగు వారాలతో కొత్త నాలుగు వారాలు పక్కపక్కన పెట్టి చూడాలి. టిప్పులు బాగా తగ్గి, దానికి సీజను లాంటి కారణం ఏదీ కనిపించకపోతే ఆ తేడా యాజమాన్యమే కట్టాలి. ఆరు నెలలు అన్నది చట్టంలోది కాదు, నేను పెట్టుకున్న గడువు.

కిచెన్ ఆలస్యం కూడా రుజువు చేయొచ్చు. మీల్స్ గారూ, మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో కేవోటీ కొట్టిన టైము ఉంటుంది. కిచెన్‌లో ప్లేటు రెడీ అని నొక్కే స్క్రీను ఉంటే ఆ టైమూ ఉంటుంది. సప్లయర్ వారీగా సగటు తీస్తే పది నిమిషాల పని. స్క్రీను లేకపోతే కేవోటీ టైముకీ బిల్లు టైముకీ మధ్య తేడా చూడండి, అంత కచ్చితంగా రాదు గానీ నెలరోజుల మీద ధోరణి తెలుస్తుంది.

బిర్యానీ_బీటీఎం (మంగళవారం, రాత్రి 11:20)

మేడం, నాది బీటీఎంల చిన్న బిర్యానీ పాయింట్. నేను గాక ఏడుగురు. గట్లనుకుంటే నాకు కమిటీ అక్కర్లేదు గదా? ఆడోళ్లు ఇద్దరే, అందులో ఒకామె మా ఊరామెనే.

బయటి_మెంబరు (బుధవారం, ఉదయం 8:30)

ఆ ఏడుగురిలో శని, ఆదివారాలు మాత్రమే వచ్చే కుర్రాళ్లు ఉన్నారా? పాత్రలు కడగడానికి కాంట్రాక్టు మనుషులు వస్తారా?

బిర్యానీ_బీటీఎం (బుధవారం, ఉదయం 8:45)

వస్తరు. వీకెండ్‌కు ముగ్గురు పోరగాళ్లు, కాలేజీ పిల్లలు. గిన్నెలకు కాంట్రాక్టరు ఒక జంటను పంపుతడు. కానీ వాళ్లు నా పేరోల్‌ల లేరు గదా.

బయటి_మెంబరు (బుధవారం, ఉదయం 9:00)

పేరోల్‌తో పని లేదు. రోజు కూలీ, తాత్కాలికం, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లు, ట్రైనీలు అందరూ ఈ చట్టంలో ఉద్యోగులే. ఏడూ మూడూ రెండూ పన్నెండు. మీకూ కమిటీ కావాలి.

నిజంగానే పదిలోపు ఉన్నవాళ్ల దగ్గర పనిచేసే ఆడవాళ్లు జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. యజమాని మీదే ఫిర్యాదు అయినా అక్కడికే, స్టాఫ్ వందమంది ఉన్నా సరే. మీల్స్ గారూ, మీ పాలసీలో ఈ వాక్యం తప్పకుండా ఉండాలి. మీ అన్నయ్య మీద ఫిర్యాదు వస్తే మీ హోటల్ కమిటీ విచారించదు. "యజమాని మీద అయితే జిల్లా కమిటీకి వెళ్లండి" అని ఆయన చేతనే సంతకం పెట్టించి గోడమీద అతికించండి. స్టాఫ్ పాలసీని నమ్మేది ఆ వాక్యం దగ్గరే.

మీల్స్_మారతహళ్లి (బుధవారం, మధ్యాహ్నం 4:15)

అన్నయ్యకి చూపించాను. ముందు మొహం మాడ్చుకున్నాడు, తర్వాత "సరే పెట్టు" అన్నాడు.

కమిటీ విషయంలో ఇరుక్కున్నాను. అధ్యక్షురాలు సీనియర్ ఉద్యోగిని అవ్వాలట. మా దగ్గర సీనియర్ అంటే బిల్లింగ్ అక్క, చేరి రెండేళ్లు. లేదంటే మా వదిన, అకౌంట్లు చూస్తుంది, జీతం కూడా తీసుకుంటుంది కాబట్టి ఉద్యోగి కిందే లెక్క. వదినని పెట్టొచ్చా? బయటి సభ్యురాలికి ఎంత ఇవ్వాలి? రెండో బ్రాంచికి కూడా వేరే కమిటీ కావాలా?

ఆడిటర్_బాబాయ్ (బుధవారం, సాయంత్రం 5:00)

మొత్తం స్టాఫ్ సంగతి సరే, చట్టం తీసి చూశాను. వదినని నిశ్చింతగా పెట్టుకోమ్మా, చట్టంలో ఎక్కడా అడ్డు లేదు. బయటి సభ్యురాలికి రోజుకి 200 రూపాయలు అని నిబంధనల్లోనే ఉంది.

బయటి_మెంబరు (బుధవారం, రాత్రి 9:30)

200 నిజమే, ప్రయాణం ఖర్చు విడిగా. బెంగళూరులో ఆ డబ్బుకి సిల్క్ బోర్డు జంక్షన్ దాటి వచ్చేవాళ్లు ఎవరూ లేరు. మాట్లాడుకుని ఎక్కువే ఇస్తారు, తప్పేం లేదు. కాకపోతే మీ మీద ఆధారపడేంత ఇవ్వకండి. మహిళల సమస్యల మీద పనిచేసే సంస్థ నుంచి వచ్చినవారో, ఈ వ్యవహారాలు తెలిసినవారో అయి ఉండాలి. మీ ఆడిటరునో పిన్నినో కూర్చోబెట్టకండి.

వదిన విషయంలో బాబాయ్ గారితో ఏకీభవించను. చట్టంలో అడ్డు లేదన్నది నిజం. కానీ రేపు ఆమె భర్త ఎంతో నమ్మకంగా చూసుకునే మాస్టర్ మీద ఫిర్యాదు వస్తే? సీనియర్ మహిళ లేకపోతే అదే యజమానికి చెందిన వేరే చోటునుంచి గానీ వేరే సంస్థనుంచి గానీ తెచ్చుకోవచ్చని చట్టమే దారి చూపింది. నేనైతే బిల్లింగ్ అక్కని పెట్టి, ఆమెకు శిక్షణ ఇప్పిస్తాను. సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు ఉండాలి, పదవి మూడేళ్లకు మించకూడదు. ఏ శాఖకి ఆ శాఖకి కమిటీ ఉండాలన్నది చట్టం. బెళ్లందూరులో నలుగురే ఉంటే ఏం చేయాలన్నదానిమీద వకీళ్లలోనే రెండు మాటలున్నాయి. ఒకే కమిటీ రెండు చోట్లా కూర్చునేలా రెండు ఉత్తర్వులు ఇచ్చి, రెండు గోడలమీదా పెట్టేవాళ్లు ఎక్కువ.

ఆడిటర్_బాబాయ్ (బుధవారం, రాత్రి 9:50)

బిల్లింగ్ అమ్మాయి యజమాని దగ్గర జీతం తీసుకుంటుంది, ఆమె మాత్రం మాస్టర్‌ని ఎదిరిస్తుందా? వదినకైతే ధైర్యం ఉంటుంది. నా అభిప్రాయం నాది.

తందూర్_సెక్షన్ (గురువారం, అర్ధరాత్రి 12:40)

డ్యూటీ దిగి చదువుతున్నా. మీరంతా ఒకటి మర్చిపోతున్నారు. మాస్టర్ అంటే ఒక మనిషి కాదు, ఒక బ్యాచ్. మాస్టర్ వస్తే తనతో పాటు ఎనిమిది మందిని తెస్తాడు, అంతా వాళ్ల ఊరివాళ్లే. చాలాచోట్ల యజమాని మాస్టర్‌కి మొత్తంగా డబ్బు ఇస్తాడు, మాస్టర్ పంచుతాడు. రూము కూడా మాస్టర్ పేరు మీదే. మాస్టర్ మీద ఎవరైనా ఫిర్యాదు ఇస్తే పొద్దున పదకొండింటికి పొయ్యి వెలగదు. ఇది ఓనర్‌కి తెలుసు, మాస్టర్‌కి తెలుసు, కూరగాయలు తరిగే ఆమెకి కూడా తెలుసు.

సాక్ష్యం చెప్పేదెవరు? నేను చూశాననుకోండి, రాత్రి పడుకునేది ఆ రూములోనే.

ఇంకొకటి. కిచెన్‌లో కింది స్థాయిలో పనిచేసే కమీ కుర్రాళ్లని బూతులు తిట్టడం, గరిట విసరడం, ఇంకా చెప్పలేనివి కూడా జరుగుతాయి. మగపిల్లలకి మీ చట్టంలో ఏముంది?

బయటి_మెంబరు (గురువారం, ఉదయం 9:15)

మగపిల్లలకి ఈ చట్టంలో ఏమీ లేదు. ఇది ఆడవాళ్ల ఫిర్యాదులకే. అయితే పాలసీ చట్టం కన్నా వెడల్పుగా ఉండకూడదని ఎవరూ అనలేదు. రెండు భాగాలుగా రాయాలి. మొదటిది ఆడవాళ్లపై లైంగిక వేధింపులు, దీన్ని కమిటీ చట్టం గడువుల ప్రకారం చూస్తుంది. రెండోది మగవాళ్లపై జరిగేవి, కొట్టడం, బూతులు, కులం పేరుతో తిట్టడం. దీన్ని హోటల్ క్రమశిక్షణ కింద చూడాలి, పోలీసు దాకా వెళ్లేదైతే అక్కడికి. రెండింటినీ ఒకే విచారణలో కలిపితే రేపు అప్పీలులో మొదటిదానికే దెబ్బ. ఫిర్యాదు చెప్పే నంబరు మాత్రం ఒకటే ఉండొచ్చు.

బ్యాచ్ గురించి మీరన్నదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొంతవరకు చేయగలిగేది ఇది: జీతం ప్రతి మనిషి ఖాతాలోకి నేరుగా వేయాలి, రూము అగ్రిమెంటు హోటల్ పేరు మీద ఉండాలి, ఆధార్ ఒరిజినల్స్ ఎవరి దగ్గరా పెట్టుకోకూడదు. అడ్వాన్సు తీసుకున్న మనిషి ఫిర్యాదు చేసినా, సాక్ష్యం చెప్పినా అడ్వాన్సు కోత పాత పద్ధతిలోనే సాగాలి, ఒక్కసారిగా కట్టమనకూడదు. ఇవి పాలసీలో మామూలుగా కనిపించని విషయాలు. హోటల్లో ఇవి లేకపోతే మిగతా పాలసీ గోడకి అతికించిన క్యాలెండర్ లాంటిదే. రూములూ, హోటల్ పెట్టిన వ్యానూ, బయట క్యాటరింగ్‌కి వెళ్లిన కళ్యాణ మంటపమూ పనిచోటు కిందికే వస్తాయి. "రూములో జరిగింది మాకు సంబంధం లేదు" అనడానికి లేదు.

మీల్స్_మారతహళ్లి (గురువారం, సాయంత్రం 5:20)

జీతాలు మావి ఖాతాల్లోకే. రూము మాత్రం మాస్టర్ పేరు మీదే ఉంది. అగ్రిమెంటు మార్చమని అన్నయ్యకి చెప్పాను.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటినుంచి చివరిదాకా చెప్తారా? కూరగాయలు తరిగే ఆమెని మాస్టర్ స్టోర్ రూములో చేయి పట్టుకున్నాడనుకుందాం. ఆమె నాకు చెప్పదు, బిల్లింగ్ అక్కకి చెప్తుంది. తర్వాత ఏ రోజు ఏం జరగాలి?

బయటి_మెంబరు (గురువారం, రాత్రి 10:30)

సరే. జూన్ 2న జరిగింది, జూన్ 10న బిల్లింగ్ అక్కకి చెప్పింది అనుకుందాం. మూడు నెలల్లోపు, అంటే సెప్టెంబరు 2 దాకా ఫిర్యాదు ఇవ్వొచ్చు. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వొచ్చు. ఎనిమిది రోజులు ఆలస్యమైందని ఎవరూ దెప్పకూడదు.

10వ తేదీన అక్క చేయాల్సింది వినడం. "నిజమేనా, ఆయన అలాంటివాడు కాదే" అనకూడదు. మాస్టర్‌ని పిలిచి అడగనూ కూడదు. ఆ రాత్రే కెమెరా. స్టోర్ రూములో కెమెరా ఉండదు గానీ స్టోర్ తలుపు కనపడే కారిడార్‌లో ఉంటుంది. ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్లారు, ఎంతసేపటికి ఎలా బయటికొచ్చారు అన్నది అందులో ఉంటుంది. ఇక్కడే చాలా కేసులు పోతాయి. ఫిర్యాదుకి గడువు మూడు నెలలు, చిన్న హోటళ్లలో కెమెరా రికార్డింగ్ దాచే డీవీఆర్‌లో అది నిలిచేది రెండు మూడు వారాలు, తర్వాత దానిమీదే కొత్తది ఎక్కేస్తుంది. కాబట్టి మౌఖికంగా తెలిసిన రోజే, ఫిర్యాదు రాసినా రాయకపోయినా, ఆ రోజు ఫుటేజీ పెన్ డ్రైవ్‌లోకి దించి అధ్యక్షురాలి దగ్గర పెట్టాలని పాలసీలో రాయండి. డీవీఆర్ పాస్‌వర్డు మాస్టర్‌కి గానీ క్యాప్టెన్‌కి గానీ తెలిసి ఉండకూడదు.

ఆమె సరేనంటే ఫిర్యాదు రాయించాలి. నిబంధనల ప్రకారం ఆరు కాపీలు. ఒకటి ఏడు పనిదినాల్లో మాస్టర్‌కి వెళ్తుంది, ఆయన పది పనిదినాల్లో జవాబు ఇవ్వాలి. ఆమె పేరు ఆయనకి తెలుస్తుంది, దాన్ని దాచలేం. ఈ సంగతి ఆమెకి ముందే చెప్పాలి. రక్షణ మొదలవ్వాల్సింది కాపీ చేతికిచ్చే ముందు రోజు, తర్వాత కాదు. ఆయన్ని వేరే షిఫ్టుకి మార్చడమో, ఆయన పని ఇచ్చే అధికారం ఆమె వరకు ఇంకొకరికి అప్పజెప్పడమో, ఆమె అడిగినదాన్ని బట్టి. స్టోర్ తాళం ఆరోజునుంచి ఇంకొకరి దగ్గర.

విచారణలో అధ్యక్షురాలితో కలిపి కనీసం ముగ్గురు కూర్చోవాలి, వకీళ్లు రాకూడదు. ఆమెనీ ఆయన్నీ విడివిడిగా వినొచ్చు, ఎదురెదురుగా కూర్చోబెట్టాల్సిన పని లేదు. ఆయన ప్రశ్నలు రాసిస్తే కమిటీ అడుగుతుంది. సాక్షుల్ని హోటల్లో కాకుండా బయట, పని టైములో, జీతం కోయకుండా పిలవండి. తందూర్ గారన్న భయం కొంత తగ్గుతుంది, పూర్తిగా కాదు. ఫిర్యాదు జూన్ 10నే రాసిచ్చిందనుకుంటే, 90 రోజులంటే సెప్టెంబరు 8కి విచారణ ముగియాలి. ఆ తర్వాత పది రోజుల్లో నివేదిక, అది అందాక 60 రోజుల్లో మీరు చర్య తీసుకోవాలి. ఇష్టం లేనివాళ్లు 90 రోజుల్లో అప్పీలుకి వెళ్లొచ్చు.

ఆడిటర్_బాబాయ్ (శుక్రవారం, ఉదయం 7:30)

ఇంత దూరం ఎందుకమ్మా. ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఆమెకి ఒక నెల జీతం ఇప్పించి రాజీ చేయించవచ్చు కదా. పరువు కూడా నిలుస్తుంది. ఇంకా అబద్ధపు ఫిర్యాదు చేస్తే శిక్ష అని కూడా పెద్ద అక్షరాలతో రాయండి.

బయటి_మెంబరు (శుక్రవారం, ఉదయం 9:00)

రాజీ ఉంది, కానీ ఆమె అడిగితేనే, విచారణ మొదలవ్వకముందే. డబ్బు రాజీకి ఆధారం కాకూడదని చట్టం నేరుగా చెప్పింది. అబద్ధమని తెలిసీ ద్వేషంతో పెట్టిన ఫిర్యాదుకి శిక్ష ఉంది, నిజమే. కానీ రుజువు చేయలేకపోయినంత మాత్రాన అబద్ధమైపోదని అదే సెక్షన్ చెప్తుంది. మొదటి వాక్యం పెద్ద అక్షరాల్లో పెడితే రెండోది దానికన్నా పెద్ద అక్షరాల్లో పెట్టండి.

మాజీ_సప్లయర్ (శుక్రవారం, మధ్యాహ్నం 2:45)

మీరంతా స్టాఫ్ గురించే చెప్తున్నారు. కస్టమర్లు? రాత్రి తాగొచ్చి చెయ్యి పట్టుకునేటోళ్లు, నంబర్ అడిగేటోళ్లు, బిల్లు మీద ఏదో రాసి పోయేటోళ్లు. కమిటీ వాళ్లని ఏం చేస్తాది?

బయటి_మెంబరు (శుక్రవారం, సాయంత్రం 6:30)

కమిటీ కస్టమర్‌ని ఉద్యోగంలోంచి తీయలేదు, కాబట్టి ఈ భాగాన్ని యజమానే మోయాలి. పనిచోటులో తారసపడే బయటివాళ్లనుంచి కూడా భద్రత కల్పించడం యజమాని బాధ్యత అని చట్టంలో ఉంది. ఆమె పోలీసు కేసు పెడతానంటే సాయం చేయాలి.

హోటల్లో మాత్రం అది నిమిషాల్లో తేలాల్సిన పని. సప్లయర్‌కి టేబుల్ వదిలేసే హక్కు రాసివ్వండి. "పన్నెండో టేబుల్‌కి నీళ్లు మార్చాలి" లాంటి మాట ఒకటి అనుకోండి. ఆ మాట వినగానే క్యాప్టెన్ కారణం అడక్కుండా టేబుల్ తీసుకుంటాడు, ఆమె మళ్లీ అటు వెళ్లదు. ఆ టేబుల్ టిప్పు ఆమెకే. మొదటిసారి క్యాప్టెన్ హెచ్చరిస్తాడు. చెయ్యి వేస్తే హెచ్చరిక లేదు, బిల్లు ఇచ్చి పంపించేయడమే, అవసరమైతే 112. బిల్లు రాకపోతే ఆ నష్టం గల్లాదే, సప్లయర్ జీతంలోంచో క్యాప్టెన్ జీతంలోంచో కోయరని రాసి ఉండాలి. అది రాయకపోతే ఏ క్యాప్టెనూ రెండువేల బిల్లు టేబుల్‌ని బయటికి పంపడు.

బిర్యానీ_బీటీఎం (శుక్రవారం, రాత్రి 11:45)

ఇది మాకు జర కష్టం మేడం. రెగ్యులర్ కస్టమర్లుంటరు, లోకల్ పెద్దమనుషులుంటరు. వాళ్లను బయటకు పంపితే రేపటి నుంచి మనకే తిప్పలు. నేను గట్ల రాసి సంతకం పెట్టలేను, నిజం చెప్తున్న.

తందూర్_సెక్షన్ (శనివారం, అర్ధరాత్రి 1:10)

కనీసం నిజం చెప్పావు అన్నా.

మీల్స్_మారతహళ్లి (ఆదివారం, రాత్రి 11:55)

మార్చి రాసిన ఫిర్యాదు భాగం పెడుతున్నాను, చూడండి.

"మీకు ఇబ్బంది జరిగితే ఈ ముగ్గురిలో మీకు నచ్చినవాళ్లకి నోటితో చెప్పండి: బిల్లింగ్ అక్క, సర్వీసులో మీరే ఎన్నుకున్న ఒకామె, బయటి సభ్యురాలు. వాళ్ల ఫోన్ నంబర్లు ఆడవాళ్ల రెస్ట్ రూము తలుపు లోపలివైపు ఉన్నాయి. మాస్టర్‌కి, క్యాప్టెన్‌కి చెప్పాల్సిన పని లేదు. రాయడం రాకపోతే మీ భాషలో మేం రాయిస్తాం. యజమాని మీద ఫిర్యాదు అయితే జిల్లా స్థానిక కమిటీకి వెళ్లండి, వెళ్లడానికి ఒక రోజు జీతంతో సెలవు. మిమ్మల్ని అడగకుండా మీ షిఫ్టు, మీ టేబుల్స్, మీ బ్రాంచి మార్చం. మీ టిప్పులు తగ్గితే లెక్క చూసి మేం కడతాం."

తెలుగు, కన్నడ, హిందీ, ఒడియాలో ప్రింటు చేయిస్తున్నాను. చదవలేనివాళ్ల కోసం బిల్లింగ్ అక్క గొంతుతో రికార్డు చేసి వాట్సాప్‌లో పెడతాం. బటన్ల ఫోను ఆమెకి మాత్రం పక్కన కూర్చుని వినిపించాలి.

వదిన విషయం ఇంట్లో ఇంకా తేలలేదు. రూము అగ్రిమెంటు మార్చడానికి ఇంటి ఓనరు ఇంకో నెల అడ్వాన్సు అడుగుతున్నాడు.

మాజీ_సప్లయర్ (సోమవారం, ఉదయం 8:20)

నంబర్లు తలుపు లోపలివైపు పెట్టినది బాగుంది అక్కా, నిలబడి ఫోన్‌లో ఎక్కించుకుంటే ఎవరికీ కనపడదు. "టిప్పులు తగ్గితే" అన్నచోట ఎవరి లెక్క అని రాయి. మా దగ్గర టిప్పుల పుస్తకం క్యాప్టెన్ దగ్గరే ఉండేది.

మీల్స్_మారతహళ్లి (సోమవారం, ఉదయం 8:35)

మా దగ్గర కూడా క్యాప్టెన్ దగ్గరే ఉంది. ఈ రోజునుంచి బిల్లింగ్ కౌంటరుకి మారుస్తున్నాను, రాత్రి పంచేటప్పుడు ఎవరి వాటా పక్కన వాళ్లు సంతకం పెట్టేలా.

బయటి_మెంబరు (సోమవారం, ఉదయం 9:10)

పుస్తకంలో యూపీఐ టిప్పులకి కూడా ఒక గడి పెట్టండి. అవి సప్లయర్ల సొంత ఫోన్లకి వస్తుంటే మీ లెక్కలో కనపడవు. ఇంకా, కమిటీ ఉత్తర్వు మీద తేదీ, అందరి పేర్లు పడ్డాక ఈ ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన షీ-బాక్స్ పోర్టల్‌లో వివరాలు ఎక్కించండి. ఆ ఐటీ కంపెనీ వాళ్లు రెండోసారి అడిగేది దాని గురించే అయ్యుంటుంది.